పేరు లేని రెండోవాడు

యాహిర్ బస్సు దిగి ఇంటికి రాలేదు. మూడేళ్లయింది. మా ఇరపువాటో ఊళ్లో, పేట చర్చి హాల్లో తప్పిపోయినవాళ్ల తల్లుల రక్తం తీసుకుంటున్నారని తెలిసి, వాడి తల్లి ఎదువిహెస్ నన్ను వెంటపెట్టుకు వెళ్లింది. ఆ రక్తాన్ని పేరు తెలియని ఎముకలతో పోల్చి చూస్తారట. ఒక్క ఎముకైనా దొరికితే సమాధి కట్టుకుందామని దాని ఆశ.

గుమ్మం దగ్గర యూనిఫామ్‌ వేసుకున్న మనిషి వేడి మొక్కజొన్న జావ, అతోలె, తాగుతూ నిలబడ్డాడు. ఎదువిహెస్ నా చాటుకి జరిగింది. యాహిర్‌ని వ్యానులోకి లాగినవాళ్లలో ఒకడు అలాంటి బట్టలే వేసుకున్నాడని దాని చిన్నోడు ఎల్మెర్ చూసి చెప్పాడు. ఆ తర్వాత ఎవరెవరో వచ్చి ఎల్మెర్ ఎక్కడని పేటంతా అడిగారు. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలిసింది మా ఇద్దరికే. నేను వాడికి జ్ఞానస్నానపు తల్లిని, వాడిని ఎత్తుకుని చర్చిలో నిలబడినదాన్ని.

బల్ల దగ్గర నయేలీ అనే ల్యాబ్ అమ్మాయి కూర్చుంది.

"ఎవరి కోసమమ్మా?"

"మా పెద్దోడి కోసం."

ఫోన్ నంబరు రాసుకుంది. "మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది. చదివి, సరేననిపిస్తే 'అంగీకరిస్తున్నాను' నొక్కి రండి."

మెసేజ్ వచ్చింది. గోడవార బెంచీ మీద కూర్చున్నాం. ఎదువిహెస్ కళ్లద్దాలు తగిలించుకుని ఒక్కో మాట మీదా వేలు జరుపుతోంది.

"నొక్కెయ్యవే తల్లీ. చుక్క రక్తానికి ఇంత తతంగమా," అన్నాను. నాకు ఓపిక తక్కువ. పైగా ఆ గుమ్మం మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాను.

"నొక్కాక నువ్వు వెనక్కి లాగుతావా వదినా? నోర్మూసుకుని విను."

మొదటి గడిలో, నమూనాని గుర్తు తెలియని మృతదేహాలతో పోల్చడానికి మాత్రమే వాడతామని, ఎప్పుడు కావాలన్నా ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చని ఉంది. ఆ గడికి టిక్కు పెట్టింది. రెండో గడిలో ముందే టిక్కు ఉంది. మన వివరాలను దర్యాప్తు కోసం ఇతర కార్యాలయాలకూ ఇస్తారట. ఎదువిహెస్ వేలుతో ఆ టిక్కు తీసేసింది. కింద 'ఇది ఐచ్ఛికం, వద్దన్నా మీ వెతుకులాట ఆగదు' అని ఉంది.

"హమ్మయ్య, ఇంక పద," అన్నాను.

"ఆగు. ఇంకా కింద ఉంది."

ఆ చివరి ముక్క గట్టిగా చదవలేదు, నాకు చూపించింది. 'మీరు చెప్పే బంధువుల పేర్లు, చిరునామాలు ఈ కేసు ఫైలులో చేరతాయి. దర్యాప్తు అధికారులు ఆ ఫైలు చూడగలరు.' దీనికి గడి లేదు. తియ్యడానికి టిక్కూ లేదు.

ఇద్దరం గుమ్మం వైపు చూశాం. ఆ మనిషి ఖాళీ గ్లాసు నలిపి పారేసి, లోపలికే చూస్తున్నాడు.

"ఇంటికి పోదామే," అన్నాను. నిజంగా భయమేసింది.

"పోతే పెద్దోడు ఆ ఎముకల్లోనే ఉండిపోతాడు వదినా." అంగీకరిస్తున్నాను నొక్కింది.

నయేలీ వేలు గుచ్చి, అట్టముక్క మీద చుక్కలు అద్దింది. తర్వాత కాగితం మీద కుటుంబాన్ని చెట్టులా గియ్యడం మొదలుపెట్టింది.

"వాళ్ల నాన్న?"

"పోయాడు."

"తండ్రి నమూనా లేనప్పుడు అన్నదమ్ములది ఉంటే చాలా మేలమ్మా. ఎవరైనా ఉన్నారా?"

"లేరు. నాకు వాడొక్కడే."

నయేలీ పెన్ను ఆగింది. "ఇందాక పెద్దోడన్నారు కదా?"

నేనే అందుకున్నాను.

"రెండోవాడు పురిట్లోనే పోయాడమ్మా."

"అయ్యో. పేరు?"

ఆ పేరు పెట్టించింది నేనే.

"పేరు పెట్టకముందే పోయాడు," అంది ఎదువిహెస్.

నయేలీ మా ఇద్దరి మొహాలూ చూసి, రెండోవాడికని ఒక కొమ్మ గీసి దాని మీద అడ్డగీత కొట్టింది.

బయటికి వస్తుంటే దాని ఫోన్ మోగింది. తీసి చూసి మళ్లీ సంచిలో కుక్కింది. యూనిఫామ్ మనిషి పక్కకి జరిగి దారిచ్చాడు. మోగుతున్న సంచిని కడుపుకి అదుముకుని నడిచింది. వీధి మలుపు తిరిగాక గాని ఎత్తలేదు.

"ఏంటమ్మా, ఇంతసేపు తియ్యవు?" ఎల్మెర్ గొంతు నాకూ వినపడింది.

"తిన్నావా?"

"తిన్నాను. ఎక్కడున్నావ్?"

గోడకి చేరబడింది, చుక్క రక్తం ఇంకా ఆరని వేలు పెదవులకి ఆనించుకుంది.

"నీ పేరేంటో ఒకసారి చెప్పు నాయనా."

"మతిపోయిందా అమ్మా నీకు? ఎల్మెర్."

"ఇంకోసారి చెప్పు," అంది.