ఎస్ఓపీలో మూడో పేరా

గుడివాడ బస్టాండు ఎదురు సందులో మేడ మీద గాయత్రి గారి ఆఫీసు. పై దేశాల్లో చదువులకి అప్లికేషన్లు పెట్టించడం ఆవిడ పని. ఆవేళ ఆవిడ ముందు దుర్గాశ్రీనివాస్ కూర్చున్నాడు. పెడన కుర్రాడు, ఇరవయ్యేడేళ్లుంటాయి. గుడ్లవల్లేరులో సివిల్ ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్లుగా ఒక కాంట్రాక్టు కంపెనీలో సైటు ఇంజనీరుగా చేస్తున్నాడు. ఇప్పుడు వాడికి సిమెంటూ కంకరా వద్దు. కంప్యూటర్లకి కాపలా కాసే చదువు కావాలి. సైబర్ సెక్యూరిటీ అంటారు దాన్ని. ఐర్లండులో ఏడాది కోర్సు. పది రోజుల్లో గడువు.

ఆ గడువులోపు ఒక కాగితం రాసివ్వాలి. నేనెవర్ని, ఇన్నాళ్లూ ఏం చేశాను, ఈ చదువే ఎందుకు కావాలి అని చెప్పుకునే కాగితం. ఎస్ఓపీ అంటారు. శీను మూడు వారాలు కూర్చుని రాసుకొచ్చాడు. గాయత్రి గారు పెన్సిలు పట్టుకుని చదువుతోంది.

"చిన్నప్పట్నుంచీ నాకు కంప్యూటర్లంటే పిచ్చి... ఇది తీసెయ్ తమ్ముడూ. ఈ నెల్లో నాకొచ్చిన ప్రతివాడికీ చిన్నప్పట్నుంచే పిచ్చి."

శీను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, మొదటి పేరా అడ్డంగా కొట్టేసింది.

రెండో పేరా ఇంట్లో పెట్టుకున్న ల్యాబు గురించి. ల్యాబంటే పెద్దదేం కాదు. ఎవరో వాడి వదిలేసిన ఆఫీసు కంప్యూటరొకటి కొని, ర్యామ్ పెంచి, అందులోనే మూడు కంప్యూటర్లున్నట్టు సాఫ్ట్‌వేర్‌తో కట్టుకున్నాడు. ఒకదాంట్లోంచి దాడి చేస్తాడు. రెండోది కావాలని కన్నాలు వదిలేసినది, దాని మీదే ఆ దాడి. మూడోది ఆ రెంటినీ కనిపెట్టి ఎక్కడేం జరిగినా కబురు చెప్పేది. ఇదంతా బయటి ఇంటర్నెట్‌కి తగలకుండా లోపల్లోపలే జరిగే ఆట. ఆదివారాలన్నీ దాంతోనే.

"ఇది బావుంది. ఏం పాడుచేశావో, ఎలా బాగుచేసుకున్నావో రాశావు. కంప్యూటర్ డిగ్రీ లేనివాణ్ణి వాళ్లు నమ్మాలంటే ఇదే ఆధారం."

మూడో పేరా దగ్గర పెన్సిలు ఆగింది. ఆవిడ మళ్లీ మొదట్నుంచి చదివింది.

ఆ పేరాలో ఉన్న సంగతి ఇది. హంసలదీవి వెళ్లే దారిలో శీను వాళ్ల కంపెనీ తుఫాను షెల్టరు కడుతోంది. కాంక్రీటు పోసిన ప్రతిసారీ అదే కాంక్రీటుతో చిన్న దిమ్మలు పోస్తారు. క్యూబులంటారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానబెట్టి, మిషన్లో పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకి పగిలితే కాంక్రీటుకి అంత బలమని లెక్క. ఆ అంకెలు కంప్యూటర్లో ఎక్కించేది శీనే. నెలనెలా రిపోర్టు తయారుచెయ్యడానికి ఆ ఫైలు ఇంటికి తెచ్చుకుంటాడు. పోయిన ఏప్రిల్‌లో, ల్యాబులో నిఘా ప్రోగ్రాం నేర్చుకుంటూ, సరదాకి ఆ ఫైలునే దాని కింద పెట్టాడు. ఆ ప్రోగ్రాం ప్రతి ఫైలుకీ వేలిముద్రలాంటి పొడుగాటి గుర్తొకటి కడుతుంది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. పదిహేను రోజుల తర్వాత ఆఫీసు నుంచి కొత్త కాపీ తెచ్చి పాతదాన్ని వేరేగా దాచి దాని చోట పెడితే, మారిందని కబురొచ్చింది. శీను కంగారుపడలేదు. ఎక్సెల్ ఫైలు ఊరికే తెరిచి సేవ్ చేసినా గుర్తు మారుతుంది. అయినా పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వరస వరసా పోల్చి చూశాడు. ఒక్కచోటే తేడా. సముద్రం వైపు నాలుగు స్తంభాలకి పోసిన మూడు క్యూబులు. 505, 510, 520 అని తను ఎక్కించినవి 705, 710, 720 అయ్యాయి. మొదటి అంకె తప్ప ఏదీ కదల్లేదు. పగిలిన బరువుని దిమ్మ వైశాల్యంతో భాగిస్తే వచ్చే బలం సగటున ముప్ఫై ఉండాల్సిన చోట ఇరవై మూడు కూడా రాలేదు, ఆ మార్పుతో ముప్ఫై ఒకటి దాటింది.

డేటాని ఎవరూ మార్చకుండా కాపాడటమంటే ఏంటో ఆరోజు నాకర్థమైంది, అందుకే ఈ చదువు, అని ముగించాడు.

గాయత్రి గారు పెన్సిలు బల్ల మీద పెట్టింది. "తర్వాత ఏం చేశావు?"

"తర్వాతంటే... నెట్‌వర్కులు నేర్చుకున్నానండీ. నాలుగో పేరాలో ఉంది."

"అది కాదు నాయనా. అంకెలు మారాయని చూశావు. చూసి ఏం చేశావు?"

శీను ఫ్యాను వైపు చూశాడు.

"ఇది చదివే ప్రొఫెసరు మొదట అడిగేది అదే. కాపలా కాసేవాడు దొంగని చూసి ఊరుకున్నాడంటే వాణ్ణెవరు తీసుకుంటారు? ఈ పేరా తీసెయ్, లేదా తర్వాతి లైను రాయి. కంపెనీ పేరు మాత్రం ఎక్కడా పెట్టకు."

పెడన బస్సులో కూర్చున్నాడు గానీ, కవుతారం ఎప్పుడు దాటిందో వాడికి తెలీలేదు. తీసెయ్యొచ్చు. తీసేస్తే మిగిలేది ల్యాబొక్కటి. ఆ పేరా ఒక్కటే తనది, ఇంకెవడూ రాయలేనిది. ఆ పేరా చూసే తనకి సీటిస్తారని మూడు వారాలుగా నమ్మకం పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ నాగరత్నం కలంకారీ అద్దకం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"ఆ డబ్బాకి ఫ్యానేసి వెళ్లావు, నేను చెమటలో కూర్చోనా?"

"వేడెక్కితే ఆగిపోద్దే అమ్మా."

"నేనాగిపోతే అన్నం ఎవడొండుతాడో దాన్నే అడుగు."

మామూలుగా అయితే ఏదో ఒకటి అనేవాడు. ఆవేళ నేరుగా కంప్యూటరు ముందు కూర్చుని, వెంటనే మా పై అధికారికి తెలియజేశాను, అని టైపు చేశాడు. చక్కగా కుదిరింది. ఐర్లండు నుంచి ఎవడొచ్చి చూస్తాడు? రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత వెనక్కి కొట్టుకుంటూ అక్షరం అక్షరం చెరిపేశాడు. అంకె మార్చినవాడు కూడా ఇలాగే కుర్చీలో కూర్చుని, ఇంతే సులువుగా మార్చి ఉంటాడనిపించింది వాడికి.

అసలు ఎవరు మార్చారో శీనుకి తెలుసు. ఆ ఫైలు తెరిచేది ఇద్దరే. తనూ, ప్రాజెక్టు మేనేజరు ధనుంజయరావు గారూ. అప్లికేషనుకి రెండో సిఫారసు ఉత్తరం ఇవ్వాల్సింది కూడా ఆయనే. మొదటిది కాలేజీ లెక్చరరు ఎప్పుడో పంపేశాడు. ధనుంజయరావు గారి మెయిలుకి యూనివర్సిటీ వాళ్ల లింకు వచ్చి వారమైంది.

మర్నాడు పొద్దున్నే సైటుకి వెళ్లాడు. షెల్టరుకి రంగులేస్తున్నారు. వచ్చే నెల అప్పగింత. ధనుంజయరావు గారు కుర్చీ నీడలోకి లాక్కుని టీ తాగుతున్నాడు.

"రా అల్లుడూ! నీ ఉత్తరం ఇవాళో రేపో కొట్టేస్తాలే. నిన్ను ఎంత పొగడాలో చెప్పు, అంతా రాసేస్తా."

శీను నిలబడే ఉన్నాడు. "సార్, సముద్రం వైపు స్తంభాలకి కోర్ టెస్టు చేయిద్దాం. లోపల్నుంచి ముక్క కోసి తీసి నొక్కి చూస్తే తేలిపోద్ది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. "ఎందుకూ?"

"క్యూబులు ఐదువందల చిల్లరకే పగిలాయి కద సార్. పగిలేటప్పుడు నేనక్కడే ఉన్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. "క్యూబులు సరిగా తడపలేదురా. దిమ్మ పాడైతే స్తంభం పాడైనట్టా? ఎన్ని కట్టానురా నేను ఈ దివిసీమలో! ఒక్కటి ఒరిగిందా?"

"ఆరోజు మిక్సర్లో నీళ్లు ఎక్కువ పోశారు సార్. నేనే చూశాను."

"చూసి ఆపావా?"

శీను రంగులేస్తున్న స్తంభాల వైపు చూశాడు.

"పోనీ, ఆ అంకెలు రిజిస్టరుకని ప్రింటు తీశాక కింద సంతకం ఎవరిది?" ఆయన లేచి వాడి భుజం మీద చెయ్యేశాడు. "నీదే కదా. మార్చిన అంకెల కింద నువ్వే పెట్టావు. అడిగితే నీతోనే మొదలెడతారు. వెళ్లిపోయేవాడివి, వెళ్లు. నీ మంచి కోరి చెప్తున్నా."

అదే మూడో పేరాలో రాయనిది. పోయిన మేలో ఆ ప్రింటు చేతికిచ్చినప్పుడు శీను 705 అన్న అంకె చూశాడు. చూసే సంతకం పెట్టాడు. పదకొండు నెలలైంది.

ఆ మధ్యాహ్నం వాడు బందరు బస్సెక్కాడు. కట్టడాలు తనిఖీ చేసే క్వాలిటీ కంట్రోలు ఆఫీసులో నరసింహారావు గారని ఒక ఇంజనీరున్నాడు. ఆయన ముందు అర్జీ పెట్టాడు. పాత ఫైలున్న పెన్‌డ్రైవు పెట్టాడు. ఏ తేదీన ఏ గుర్తుందో ప్రోగ్రాం రాసిపెట్టుకున్న చిట్టా ప్రింటు తీసి పెట్టాడు. ప్రింటు మీద సంతకం నాదేనని కూడా అర్జీలో రాశాడు.

నరసింహారావు గారు అంతా చదివి కళ్లజోడు తీశాడు. "ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా?"

"ఏం చెయ్యలేదండీ."

"ఫైలు తేడా సంగతి తర్వాత తేలుస్తాం. ముందు స్తంభం ఏమంటుందో చూద్దాం." ఆయన అర్జీ మీద నంబరేయించి రసీదిచ్చాడు.

అర్జీ సంగతి తెలిసి రెండో రోజుకే కంపెనీ శీనుని పనిలోంచి ఆపేసింది. ఇంట్లో నాగరత్నం ఆ మాట విని చేతిలో పళ్లెం అలాగే పట్టుకుని నిలబడింది. "మరి నీ చదువో?" అంది. ఏమో అన్నాడు వాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే వాడికి తేలిగ్గా ఉండేది.

గడువు రోజు వచ్చింది. అదే రోజు స్తంభాలకి కోర్ తీస్తున్నారు. అర్జీదారుడు దగ్గరుండాలని కబురొస్తే శీను వెళ్లాడు. లోపల ఇనప ఊచలు ఎక్కడున్నాయో మిషన్తో చూసి, సుద్దతో గీసి, నీళ్లు పోస్తూ గొట్టంలాంటి గుండ్రటి రంపంతో కోస్తున్నారు. చెవులు హోరెత్తిపోతున్నాయి. ధనుంజయరావు గారు అటు చివర నిలబడ్డాడు. ఇటు చూడలేదు.

పక్క పల్లె కొండమ్మ చేపల గంప పక్కన పెట్టి శీను దగ్గరికొచ్చింది. "ఏం బాబూ, కొత్త బిల్డింగుకి కన్నాలెడతన్నారు?"

"లోపల గట్టిగా ఉందో లేదో చూడ్డానికమ్మా."

"కట్టినోళ్లకి తెలీదా?"

శీను తలొంచుకున్నాడు. "తెలుసమ్మా. నాక్కూడా తెలుసు. చెప్పలేదు."

ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసింది. "గాలొస్తే పిల్లల్నేసుకుని దీంట్లోకే కదా రమ్మన్నారు," అంది. అని, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఫోను మోగింది. గాయత్రి గారు. "సాయంత్రానికి మూసేస్తారు. ఆ లైను రాశావా?"

శీను రంపం మోతకి దూరంగా నడిచి, ఫోన్లో ఉన్నది చదివాడు. మార్చిన అంకెల కింద నేను సంతకం పెట్టాను. పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితం రాస్తుండగా మీరేమంటారోనని భయమేసి కాదు, నాకే తర్వాతి లైను దొరక్క వెళ్లి చెప్పాను. పరీక్ష జరుగుతోంది, ఫలితం ఇంకా తెలీదు. నా మేనేజరు గారి ఉత్తరం రాదు, కారణం ఇదే.

"ఇలా పంపితే సీటొస్తుందని నేను చెప్పలేను తమ్ముడూ. రెండో ఉత్తరం లేకపోతే అసలు తెరిచి చూస్తారో లేదో."

"తెలుసండీ."

"ఆ సంతకం ముక్కయినా తీసెయ్."

"అది తీసేస్తే మళ్లీ అదే పని చేసినట్టుంటుందండీ."

ఫోను పెట్టేసి, అక్కడే ఇసకలో నిలబడి, ఎస్ఓపీ ఎక్కించి సబ్మిట్ నొక్కాడు. సిఫారసులు రెండింటిలో ఒకటే అందిందని స్క్రీను మీద వచ్చింది. వెనక రంపం ఆగింది. మొదటి స్తంభం లోంచి కోర్ బయటికి లాగుతున్నారు. ఒక్క ముక్కగా రాలేదు, మధ్యకి విరిగి వచ్చింది. నరసింహారావు గారు ఆ రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని, రెండో స్తంభం కూడా కొయ్యమని చూపించాడు.