తెల్లటోపీల గుంపులో ఒక పేరు

చుట్టాలింటి పాత పెళ్లి వీడియోలో, ఇప్పుడు లేని తన భర్త గౌస్ మొహిద్దీన్ ఎటు నడిస్తే అటు, ఆయన పేరు కూడా తలమీద నడవాలని తెనాలిలోని మా స్టూడియోకొచ్చి ఇమాం బీ అడిగింది.

పేరు వెంటే కదిలేలా కంప్యూటర్లో ఆయన తెల్లటోపీ మీద ట్రాకింగ్ పాయింటు పెట్టాను. ఆయన షామియానా గుంజ చాటుకు వెళ్లగానే పేరు పక్కవాడి టోపీ మీదికి దూకింది.

నాకు చిర్రెత్తింది. "అన్నీ తెల్లటోపీలే, అన్నీ వీపులే! ఎవర్నని పట్టుకోమంటారండీ?"

ఆమె తెరమీద ఖాళీ చోట వేలు పెట్టింది. "ఇక్కడికొస్తారు బాబూ."

ఒక్కో ఫ్రేమూ జరిపాను. సరిగ్గా ఆ వేలి కిందికే ఒక టోపీ వచ్చింది. ఆమె వేలి వెంబడే పాయింటుని చేత్తో జరుపుతూ పోయాను.

గుంపు చివర ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఆయనే!

"నేనొస్తున్నానో లేదోనని చూస్తున్నారు," అంది ఇమాం బీ.