శనివారం హైబ్రిడ్

రిక్రూటర్ల తీపి మాటలంటే క్యాథరిన్‌కు మొదటి నుంచీ ఒళ్లుమంట. కానీ ఏం చేస్తుంది, ఈసారి అవసరం తనది.

ఆమె శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో ఎగుమతి కాగితాలు సరిచూసే ఉద్యోగి. తండ్రి యెషయాకు వారానికి మూడుసార్లు డయాలసిస్. సాతంరాయిలోని ఇంటి నుంచి దవాఖానకు తీసుకెళ్లి, నాలుగు గంటలు పక్కన కూర్చుని, మళ్లీ తీసుకురావాలి. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇకమీదట షిఫ్టులు మార్చుకోవడం కుదరదని మేనేజర్ కొండల్ తేల్చేశాడు.

అప్పుడొచ్చింది అరవింద్ అనే రిక్రూటర్ మెసేజ్. చెన్నైలో ఓ సరుకు రవాణా కంపెనీ, ఇదే పని. క్యాథరిన్ ఆలోచించి జవాబు రాసింది:

"ఉద్యోగం మీద ఆసక్తి ఉంది. నాన్నగారి చికిత్స వల్ల హైదరాబాద్ వదిలి రాలేను. పూర్తిగా ఇంటి నుంచి పనిచేసే వీలుందా? హైబ్రిడ్ అయితే నెలకు ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి?"

"హైబ్రిడ్ ఉందండీ, రోజుల సంగతి ఫ్లెక్సిబుల్. ముందు ఇంటర్వ్యూ కానివ్వండి" అన్నాడతను.

నమ్మింది, పిచ్చిది! రెండు ఇంటర్వ్యూలూ గట్టెక్కింది. రెండింటిలోనూ రోజుల మాట ఎత్తితే "హెచ్ఆర్ చెప్తారు" అన్నారు. ఆఫర్ లెటర్ వచ్చింది. పనిచేసే చోటు చెన్నై, పద్ధతి హైబ్రిడ్. ఎన్ని రోజులో మాత్రం ఒక్క ముక్క లేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రికి ఇడ్లీ పెడుతూ, ఫోన్ స్పీకర్లో పెట్టి అరవింద్‌ను అడిగింది.

"సోమవారం నుంచి శుక్రవారం ఆఫీసండీ. శనివారం ఇంటి నుంచి. రెండూ ఉన్నాయిగా, అదే హైబ్రిడ్" అన్నాడు అరవింద్ హాయిగా.

క్యాథరిన్ ఇడ్లీ గిన్నె కింద పెట్టింది. "అన్నా, మొదటి మెసేజ్‌లనే రాసిన గద! నేను రాలేనని! మరి ఇన్ని దినాలు నన్నెందుకు తిప్పిచ్చుకున్నవ్?"

"అలా అనకండి మేడం. ముందు జాయిన్ అవ్వండి. మీ నాన్నగారి సంగతంటారా, ఆ జబ్బుతో ఇంకెన్నాళ్లు లెండి? ఆ తర్వాత మీరు ఫ్రీయే కదా!"

ఛీ! ఇదేం నోరు! చెప్పుతో పేడ తొక్కినట్టయింది ఆమెకు. ఫోన్ ఆపబోయింది. యెషయా ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బిడ్డా, నేను ఇంకా ఈడనే ఉన్న" అన్నాడు ఫోన్‌లోకి, మెల్లగా. "ఇడ్లీ తింటున్న. జర ఓపిక పట్టు."

అవతల లైన్ తెగింది.

క్యాథరిన్ అక్కడే నిలబడి "ఈ ఆఫర్ నాకు వద్దు" అని ఒక్క వాక్యం రాసి పంపింది. కారణం రాయలేదు. తరువాత కొండల్‌కు ఫోన్ చేసింది, మంగళవారం డయాలసిస్‌కు షిఫ్టు మార్చమని మళ్లీ బతిమాలడానికి.