ఫైన్, థ్యాంక్యూ

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో తెలుగువాళ్లుండే సందులో ఇంగ్లీషంటే తబితా టీచరమ్మే. ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు మీడియం బడిలో పిల్లల్ని గడగడలాడించి రిటైరైన మనిషి. ఆవిడ ఎదురుపడితే సందులో కుర్రాళ్లకు ఇంగ్లీషే కాదు, బెంగాలీ కూడా నోట రాదు. దాన్ని ఆవిడ గౌరవం అనుకునేది.

పక్కవాటా హెప్సీకి ఓ ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. ఇక ఒక్క ఇంటర్వ్యూ మిగిలింది. అందులో కాసేపు ఇంగ్లీషులో కబుర్లు చెప్పాలట. రేవులో పనిచేసే తండ్రి నడుం పట్టేసి మంచాన పడ్డాడు, ఈ ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు. అందుకే పొద్దున్నే వచ్చి నాలుక తిప్పుకుంటానని టీచరాంటీని బతిమాలుకుంది.

"గుడ్ మార్నింగ్, ఆంటీ. హౌ ఆర్ యూ?"

"ఫైన్, థ్యాంక్యూ."

అంతే. చర్చి గుమ్మంలో ఎవరైనా "వందనాలు" అంటే తనూ "వందనాలు" అనేసి లోపలికి పోవడం ఆవిడకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. పలకరింపుకు బదులిచ్చేశాక ఇంకేం మిగులుతుంది? హెప్సీ ఫ్యాను వంక చూసింది, ఆవిడ హెప్సీ వంక చూసింది. ఆ గదిలో నోరున్నది ఫ్యానుకే.

మర్నాడూ అదే తంతు. ఆ మరుసటి రోజు హెప్సీ ధైర్యం చేసి నిన్న బజారుకెళ్లిన సంగతి మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే ఆవిడ "తప్పు!" అని పట్టుకుంది. పిల్ల బజారు దాకా వెళ్లనేలేదు.

"నేన్నేర్పుతానంటే అది బెల్లం కొట్టిన రాయిలా కూకుంటాది," అని ఆవిడ అందరితో చెప్పుకుంది.

ఒకనాడు వీధి కుళాయి దగ్గర, మునిసిపాలిటీలో ఊడ్చే తవిటమ్మ బిందె దించుతూ అడిగింది. "ఏటే హెప్సీ, ఏటి కూరొండినావు?"

"వంకాయా ఎండ్రొయ్యలూ పిన్నీ! నాన్నేమో ఉప్పెక్కువైనాదంతాడు, అమ్మేమో..."

బిందె నిండి పొర్లిపోతున్నా పిల్ల ఆగలేదు. కిటికీలోంచి చూస్తున్న తబితాకు ముందు ఒళ్లు మండింది. తన దగ్గర నోరు విప్పదు, కుళాయి దగ్గర మాత్రం వాగుతుందా! ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. తవిటమ్మ అడిగింది. మరి నేనేం అడిగాను? ఇన్నాళ్లలో ఆ పిల్లను ఒక్కటంటే ఒక్క మాట అడగలేదు. ఆవిడకు నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు హెప్సీ ఎప్పటిలాగే పలకరించింది. ఆవిడ ఇంగ్లీషులోనే, "బాగానే ఉన్నాను, కానీ రాత్రి చేపల కూర మాడ్చేశాను. నీకు బాగా నిద్రపట్టిందా?" అంది.

"యెస్, ఆంటీ."

మళ్లీ ఫ్యాను. అవునంటే అయిపోయే ప్రశ్న వేశానే అని ఆవిడ నాలుక కరుచుకుంది. "మీ ఇంట్లో నిన్న ఏం కూర? ఎలా వండావు?" అని మార్చి అడిగింది.

హెప్సీ ఆలోచనలో పడింది. మాట అందిద్దామని ఆవిడ నోరు దురద పెట్టింది, టీ గుటకేసి ఆపుకుంది. ఎట్టకేలకు వంకాయ బయటికొచ్చింది. బియ్యంలో రాళ్లలా తప్పులూ వచ్చాయి. ఆవిడ వాటిని ఏరలేదు. "ఓహో, వంకాయతో ఎండ్రొయ్యలు కలిపి వండావన్నమాట! ఎవరు నేర్పారు?" అని, ఆ మాటనే సరిచేసి తన ప్రశ్నలో పెట్టి ఇచ్చింది. హెప్సీ దాన్ని అందుకుని వాళ్లమ్మ దగ్గరికి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. టీ చల్లారిపోయింది.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం హెప్సీ పరుగున వచ్చింది. "ఆంటీ, హౌ ఆర్ యూ అన్నాను. ఆ ఇంటర్వ్యూ సేసే దాదా ఫైన్ థ్యాంక్యూ అనీసి నోరు మూసేసినాడు!"

తబితా కుర్చీలోంచి లేచింది. "అప్పుడేటి సేసినావే?"

"మీ ఇంట్లో ఈరోజు ఏ చేపొండినారని అడిగినాను."

బెంగాలీ బాబును చేప సంగతి అడిగితే ఆగుతాడా? ఇలిష్, అదే మన పులస, ముళ్ల దగ్గర మొదలుపెట్టి వాళ్లమ్మ ఆవాల ముద్ద దాకా ఆయనే చెప్పాడట. హెప్సీ "తర్వాత?" అంటూ కూర్చుంది. అమ్మాయి చక్కగా మాట్లాడుతుందని ఉద్యోగం ఇచ్చేశారు.

ఉద్యోగం వచ్చాక పొద్దుటి కబుర్లు ఆగిపోయాయి. ఆ రుచి మరిగిన తబితాకు రోజు గడవడం కష్టమైంది. ఒక సాయంత్రం గుమ్మంలో కాపు కాసి, ఇంగ్లీషులో తనే ముందు పలకరించింది.

"గుడ్ ఈవెనింగ్, హెప్సీ! హౌ ఆర్ యూ?"

"ఫైన్, థ్యాంక్యూ, ఆంటీ."

హెప్సీ ఆగకుండా నడిచింది. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లందరినీ పలకరించి, ఎవరితోనూ రెండో మాట పెంచకుండా పంపించే కొలువు మరి. ఆ గొంతు, ఆ తల ఊపు అచ్చం తనవేనని తబితా పోల్చుకుంది. ఇన్నాళ్లూ ఆ పిల్లను తను ఇలాగే నిలబెట్టిందా!

"ఒసే హెప్సీ! ఏటి కూరే?" అని గట్టిగా కేకేసింది.

హెప్సీ ఆగింది. "ఇంకా ఒండనేదాంటీ," అంటూ వెనక్కొచ్చి, చెప్పులు విడిచి మెట్టు మీద కూలబడింది. "నీ ఇంట్లో ఏటి?"