వేడి చేసే మాత్ర

రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. ఈ ఒక్క రోగినీ చూసేస్తే పోయి పడిపోవచ్చు అనుకుంటూ తిరుపతి ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకు కాళ్లీడ్చుకుంటూ వచ్చింది హౌస్ సర్జన్ వకుళ. పూతలపట్టు సిద్ధమ్మకు రేపు గొంతు ఆపరేషన్. థైరాయిడ్ గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి, హార్మోన్‌ను హద్దూ పద్దూ లేకుండా కక్కుతోంది. మందులతో దాన్ని అణిచాకే కత్తి పెట్టాలి. లేకుంటే ఆపరేషన్ కాగానే జ్వరమూ గుండెదడా ఎగదన్ని ప్రాణమే పోవచ్చు.

నాడి చూసింది. ఎనభై. హమ్మయ్య!

చెయ్యి వదలబోయి ఆగింది. మార్గశిరపు చలికి వార్డంతా దుప్పట్లలో ముడుచుకుంటే, సిద్ధమ్మ అరచెయ్యి పొయ్యి మీంచి దించిన చెంబులా ఉంది. నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఉత్త నేల మీద కూర్చుంది. తూకం చూస్తే పోయిన నెలకన్నా ఇంకా తగ్గింది.

"నాకన్నా ఒక ముద్ద సంగటి ఎక్కువే తింటాది తల్లీ! యాడికి పోతాందో!" అన్నాడు మొగుడు మునిరత్నం.

"ఊరకుండయ్యా, నువ్వేదో వండిపెట్టినట్టు!" అంది సిద్ధమ్మ.

"రెండు రకాల మాత్రలూ వేసుకుంటున్నావా?" అడిగింది వకుళ.

"గుండెకిచ్చింది ఏసుకుంటాండానమ్మా. అది సల్లన. దడ తగ్గింది. గొంతు మాత్ర మాత్రం ఏడి చేస్తాది, ఇంగిలీసు మందు గదా. ఒళ్లు కాగిపోతాంటే ఎప్పుడో నిలిపేసినా."

వకుళ సర్జన్‌కు కబురు పెట్టింది.

సర్జన్ జయరావు వచ్చి కేస్ షీటు చూసి, "నాడి బాగుందిగా, రేపు కానిచ్చేద్దాం. మళ్లీ థియేటరు దొరకొద్దూ?" అన్నాడు.

"గొంతు మాత్ర ఎప్పుడో మానేసిందట సార్. ఆ నాడి గుండె మాత్ర పుణ్యం. అది దడను అడ్డుకుందంతే. హార్మోన్ కణాల్లోకి పోయి, కేంద్రకంలో రిసెప్టర్ మీద కూర్చుని, జన్యువులను లేపుతూనే ఉంది. కొత్త ప్రొటీన్లు పుడుతూనే ఉన్నాయి, తిన్నదంతా వేడిగా తగలబడిపోతోంది. చెయ్యి పట్టుకుని చూడండి!"

ఆయన పట్టుకున్నాడు. రేపటి ఆపరేషన్ కొట్టేశాడు.

"మళ్లీ మా ఊరికి పోవాల్నా!" మునిరత్నం కూలబడ్డాడు.

వకుళ కూడా పక్కనే చతికిలబడింది. "చూడు సిద్ధమ్మా, ఆ హార్మోన్ పెళ్లింటి పెద్ద వంటాయనలాంటిది. ఒంట్లో ప్రతి గదిలోకీ దూరి, 'ఇంకో పొయ్యి పెట్టండి, ఇంకో పొయ్యి' అంటుంది. గుండెను కూడా ఉరికించేది అదే. నువ్వు మానేసిన మాత్ర కొత్త హార్మోన్ తయారు కాకుండా ఆపుతుంది. కానీ గొంతులో ముందే దాచిపెట్టింది అయిపోవాల, పెట్టిన పొయ్యిలు ఆరాల. అందుకే వారాలు పడుతుంది. వేడి మాత్రది కాదు."

సిద్ధమ్మ చెయ్యి చాచింది. వకుళ ఇచ్చిన మాత్ర మింగి, నీళ్లు తాగి, నిట్టూర్చింది.

"ఇంగా కాగతానే ఉండాదే తల్లీ."

"కాగుతుంది. అయినా రేపూ మింగాల."