చింపేసిన కాగితం

బామ్మర్దికి వేరే ఎవరో ఉన్నారట. ఎదురింటావిడ అందని పక్కింటావిడ చెప్పిందట. అన్నం వడ్డిస్తూ భార్య ఆ మాటను మందుల షాపాయన చెవిన వేసింది. "లేకపోతే పెళ్ళాం ఊరికే పుట్టింటికి పోతుందా? మా తమ్ముడేమో నోరు విప్పడు."

షాపాయన కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలి నెలలు లెక్కేసుకున్నాడు. పది నెలలుగా బామ్మర్ది తన దగ్గరే ఫినాస్టరైడ్ బిళ్ళలు పట్టుకెళ్తున్నాడు. రోజుకు ఒకటి, జుట్టు రాలకుండా. డాక్టరు చీటీ అడగకుండానే ఇచ్చాడు. పెట్టెలో ఉండే, దుష్ప్రభావాలు రాసిన కాగితాన్ని మాత్రం తనే చింపి బుట్టలో పడేశాడు. అది చదివితే వీడు గోరంత దాన్ని కొండంత చేసుకుంటాడని.

మర్నాడు వాణ్ణి కౌంటరు వెనక్కి పిలిచాడు.

"నిజం చెప్పరా. పడకగదిలో ఏమైనా తేడాగా ఉందా?"

బామ్మర్ది చెవులు ఎర్రబడ్డాయి. "మూడో నెల నుంచి, బావా. కోరికే లేదు. ఒళ్ళు కూడా మాట వినదు. నాలోనే ఏదో లోపమనుకున్నా."

షాపాయన షట్టరు దించి, చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆమె అంతా విని తాపీగా చెప్పింది. "ఇలాంటివి నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తాయి. ఈ మందు పరీక్షల్లో, మందు లేని ఉత్తుత్తి బిళ్ళ మింగిన వాళ్ళలోనూ నూటికి ఒకరిద్దరు ఇదే చెప్పారు. అందుకని మీకు దీనివల్లేనని ఖాయంగా అనలేను. ఆపి చూద్దాం. ఎక్కువమందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆపినా నెలల తరబడి పోలేదని అరుదుగా కొందరు చెప్పారు. అది కూడా దాచను. సర్దుకోకపోయినా, మనసు కుంగినట్టనిపించినా వెంటనే రండి, షుగరూ హార్మోన్లూ చూద్దాం. నిలబడ్డ జుట్టు మాత్రం ఏడాది లోపు మళ్ళీ పోతుంది."

"పోనీండి" అన్నాడు బామ్మర్ది.

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "ముందే చెబితే ఆ భయంతోనే ఇవి వస్తాయంటారు కదా, డాక్టరుగారూ?"

"కొందరికి వస్తాయి. చెప్పకపోతే, వచ్చినవాడు ఎవరితోనూ చెప్పుకోలేక చస్తాడు."

ఆ మాట షాపాయనకు చెప్పుదెబ్బలా తగిలింది. బయటికి వచ్చాక కూడా, అరచెయ్యంత కాగితం అది, అనుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బామ్మర్ది భార్య పుట్టింటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. షాపాయన అక్కడే, చెప్పులు కూడా విప్పకుండా, తను చేసిన నిర్వాకమంతా ఏకరువు పెట్టాడు. బిళ్ళ సంగతి, కాగితం సంగతి, డాక్టరు మాట.

"తప్పు నాది, చెల్లెమ్మా. వీడికి ఎవరూ లేరు. ఆ మందు వల్లే అయ్యుండొచ్చు. ఇప్పుడు మానేశాడు."

ఆమె మొగుడి వంక ఒకసారి చూసి, షాపాయన వైపు తిరిగింది.

"సరే, దగ్గరికి రాకపోవడం మందు వల్లే అనుకుందాం, అన్నయ్యా. 'నువ్వు లావెక్కావు, నిన్ను చూస్తే ఏ మగాడికైనా అంతే' అని ఆర్నెల్లు అన్నాడే, అది ఏ మందు?"