దిగినంక చెప్త

నా దగ్గర స్కూటీ నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే. మొగుడు గ్రౌండ్‌లోకి రావద్దు.

ఈ షరతు విని గోదావరిఖనిలో నా మీద ముఖం మాడ్చుకున్న మగవాళ్లు చాలామందే ఉన్నారు. మాడ్చుకోనీ. వాళ్లు ఎట్లా నేర్పుతారో నేను కళ్లారా చూశాను. వెనకాల సీటు పట్టుకుని ఉరుకుతుంటారు. "ముందట చూడు! చెయ్యి సక్కగ పెట్టు! కాళ్లు పైకి! అటు కాదు, ఇటు! బ్రేక్, బ్రేక్, అరె బ్రేక్!" ఆమె ఒక మాట అందుకునేలోపు ఇంకో నాలుగు వచ్చి మీద పడతాయి. బండి పోయి గోడకు గుద్దుకుంటుంది. "నీకు రాదు పో" అని తీర్పు. నేర్పడం చేతకానిది ఒకరికి, శిక్ష ఇంకొకరికి. ఈ న్యాయం నాకు నచ్చదు.

నా పేరు రాజేశ్వరి. వేములవాడ రాజన్న మొక్కుతో పుట్టానని మా అవ్వ పెట్టిన పేరు. క్వార్టర్లలో అందరికీ రాజక్కనే. చాలా ఏళ్లుగా బొగ్గుగని కంపెనీ గ్రౌండ్‌లో ఆడవాళ్లకు బండి నేర్పుతున్నాను. నా నోరు పెద్దదని పేరు. నిజమే. కానీ బండి మీద మనిషి ఉన్నప్పుడు మాత్రం నా నోరు మూతబడుతుంది.

బాలలక్ష్మిని మొదటిసారి చూసింది మా ఇంటి ముందు దండెం మీద. మీదే అంటున్నాను. స్కూటీతో సహా వచ్చి నేను ఆరేసిన చీరల్లో చిక్కుకుంది. వెనకాల వాళ్ల క్వార్టర్ మెట్టు మీద కూర్చుని ఆమె మొగుడు సాంబయ్య ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "చెప్పిన కదనే హ్యాండిల్ తిప్పమని! బ్రేక్ పట్టమని! కాలు ఆనియ్యమని!"

చీర విడదీసి ఆమెను లేపాను. మోచెయ్యి గీసుకుపోయింది. ఏడవడం లేదు, కొంగుతో నెత్తురు అద్దుకుంటోంది.

"నాకు రాదక్కా. శ్రీహరి అన్నదే నిజం," అంది.

శ్రీహరి ఆమె మరిది. సంగతి ఇదీ. సాంబయ్య గనిలో పనిచేస్తూ నడుము దెబ్బతిని మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరి భార్యకు వచ్చింది, ఓపెన్‌కాస్ట్ గని స్టోర్‌లో. వచ్చే నెల కాక పై నెల ఒకటో తారీకు నుంచి మొదటి షిఫ్ట్. తెల్లారకముందు అటు ఆటోలు నడవవు. మొగుడు బండి ఎక్కలేడు. శ్రీహరి అదే గనిలో ఉన్నాడు కానీ వారం వారం అతని షిఫ్ట్ మారుతుంది. "నీకు బండి రాదు గని, ఉన్ననాడు నేను దింపుత, లేనినాడు నాగా పెట్టు వదినా" అన్నాడట. కొత్త నౌకరిలో నాగాలు పెడితే నౌకరే పోతుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఇక దాని మీదనే.

నాకు ఒళ్లు మండింది.

"రేపటి నుంచి గ్రౌండ్‌కు రా," అన్నాను. "నీ మొగుడు రావద్దు."

మర్నాడు బండి స్టార్ట్ కూడా చెయ్యనివ్వలేదు. కాళ్లతో నెట్టుకుంటూ పోవడం, రెండు బ్రేకులూ మెల్లగా కలిపి నొక్కి ఆగడం. అంతే. ఆపడం వచ్చినవాళ్లకే నడపడానికి ధైర్యం వస్తుంది. తర్వాత ఇంజన్ వేసి, ఒక సంగతి ముందే చెప్పాను.

"నువ్వు బండి మీదున్నంతసేపు నేను ఒక్క మాటనే అంట. ఆగు. అది వినవడ్డదంటే చెయ్యి వదులు చేసి బ్రేక్ నొక్కు. ఇంక ఏమున్నా దిగినంక చెప్త."

ఆమె నడిపింది. నడిపింది అనడం మర్యాద కోసం. తల ముందు చక్రం మీదికి వంగిపోయింది, మోచేతులు రెక్కల్లా లేచాయి, కాళ్లు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి, బండి పాములా వంకర్లు పోయింది. తప్పులు ఏరాలంటే చాటెడు ఉన్నాయి. నేను ఒక్కటి ఏరుకున్నాను. చూపు. చక్రాన్ని చూస్తే బండి వంకర్లు పోక ఏం చేస్తుంది? చూపు లేస్తే బండి నిలబడుతుంది, బండి నిలబడితే భయం తగ్గి కాళ్లూ చేతులూ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఆమె దిగింది. ఊపిరి పీల్చుకోనిచ్చి అడిగాను. "నీకెట్లనిపించింది?"

"వంకర పోతున్నదక్కా."

"ఏడ చూస్తున్నవ్?"

ఆలోచించింది. "చక్రం దిక్కు."

"ఈసారి దూరం చూడు. గంతే."

"చేతులో? చేతులు బాగలేవు కదా?"

"చేతుల సంగతి నాకిప్పుడు వద్దు."

దూరం అంటే ఎక్కడో ఆమెకు తెలియలేదు. గ్రౌండంతా దూరమే కదా. చూపు లేపుతుంది, నిలపడానికి చోటు దొరక్క మళ్లీ చక్రం మీద పడేస్తుంది. పైగా సాంబయ్య ఊరుకుంటాడా? మూడో రోజు కర్ర పట్టుకుని మెల్లగా గ్రౌండ్ అంచుకు వచ్చి కూర్చున్నాడు. "గేర్ లేని బండి గదనే, గంత భయమేంది! ఎడమకు! ఎడమకు!" గొంతు వినగానే ఆమె అటు తిరుగుతుంది. బండీ అటే తిరుగుతుంది.

నేను కయ్యానికే పోయాను.

"నీకు చెప్పిన్నా లేదా, రావద్దని?"

"నా బండి, నా పెండ్లాం. నేను చెప్పొద్దా?"

"ఒక్కసారి ఎన్ని చెప్తున్నవ్? కొత్త మనిషి బుర్రల ఒక్క మాటకే జాగ ఉంటది. నువ్వు పది కుక్కుతున్నవ్."

"మరేం చెయ్యాలె రాజక్కా?" గొంతు ఒక్కసారి పడిపోయింది. "అందరు మొగోళ్లు సీటు పట్టుకోని ఉరుకుతరు. నేను ఉరకలేను. అరుసుడు తప్ప నా చేతుల ఏమున్నది?"

నా కోపం అక్కడే సగం చచ్చింది. మిగతా సగాన్ని పనికి పెట్టుకున్నాను. సాంబయ్యను నడిపించుకుని గ్రౌండ్ ఆ చివరికి, పిట్టగోడ అవతలికి తీసుకుపోయాను. భుజం మీది ఎర్ర తువ్వాల తలకు చుట్టమన్నాను.

"గీడ నిలవడు. ఆమె నిన్ను చూసుకుంట వస్తది. నోరు తెరిచినవంటే నేర్పుడు బంద్."

"నన్ను దిష్టిబొమ్మను చేస్తున్నవా?"

"అవ్. దిష్టిబొమ్మ మాట్లాడదు."

బాలలక్ష్మి దగ్గరికి వచ్చి చెప్పాను. "దూరం గీరం వద్దు. నీ మొగుని ఎర్ర తువ్వాల చూడు."

బండి కదిలింది. మొదట్లో తూలింది. తర్వాత తల లేచింది. కాళ్లు ఎప్పుడు పైకి తీసిందో ఆమెకు తెలియలేదు, నేనూ చెప్పలేదు. గీత గీసినట్టు పోయింది. ఆగి దిగి, గోడ అవతలి మొగుణ్ణి చూసి సిగ్గుపడి నవ్వింది. సాంబయ్య నోరు తెరవబోయి నన్ను చూసి మూసుకున్నాడు.

"వంకర పోలేదు. ఎందుకో ఎరుకేనా?" అన్నాను.

"తువ్వాలనే చూసిన అక్కా."

"గదే. ఇంకోసారి."

ఒక సాయంత్రం శ్రీహరి వచ్చాడు, మోటార్ సైకిల్ మీద, వెంట ఇద్దరు దోస్తులు. బాలలక్ష్మి సాంబయ్య నిలబడ్డ గోడ దిక్కు పోతోంది. నేను అతన్ని చూసేలోపే అరిచాడు. "వదినా, గోడ! బ్రేక్, బ్రేక్!"

గోడ ఇంకా దూరంలోనే ఉంది. కానీ ఆమె ఉలిక్కిపడి కుడిచేత్తో బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ కలిపి పిడికిట్లో పిసికింది. బండి ఆగకపోగా ముందుకు దూకింది. నేరుగా సాంబయ్య మీదికే.

"ఆగు!" అన్నాను.

చెయ్యి వదులైంది. రెండు బ్రేకులూ పడ్డాయి. గోడకు జానెడు ఇవతల బండి నిలబడింది. సాంబయ్య అక్కడి నుంచి కదలలేదు, ఒక్క మాట అనలేదు. ఎర్ర తువ్వాల కొస నోట్లో కుక్కుకుని పళ్లతో పట్టుకుని ఉన్నాడు.

శ్రీహరి, దోస్తులు ఉరికి వచ్చి తలా ఒక మాట అందుకున్నారు. "ముందు బ్రేక్ పట్టద్దు." "కాళ్లు ఆనియ్యాలె." "నేను చెప్పలే, ఆడోళ్లకు..."

"నోర్లు ముయ్యుండ్రి!" అన్నది నేను కాదు. సాంబయ్య. తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు అరిచినందుకే బండి ఉరికింది శ్రీహరీ. రాజక్కను ఆమెతోటి మాట్లాడనియ్. లేకుంటే పో."

శ్రీహరి ముఖం ఎర్రబడింది. పోయాడు. నేను బాలలక్ష్మిని దింపి బండికి స్టాండ్ వేశాను. తర్వాత ఎప్పటి ప్రశ్నే అడిగాను. "నీకెట్లనిపించింది?"

"భయమైతే గట్టిగ పట్టుకుంటున్న అక్కా," అంది నెమ్మదిగా. "గట్టిగ పట్టుకుంటే యాక్సిలరేటర్ తిరుగుతున్నది."

అది నేను చెప్పి ఉంటే మర్నాటికి మరిచిపోయేది. తానే పట్టుకుంది కనుక ఇక పోదు. "అరచేతిల కోడిగుడ్డు ఉన్నదనుకో," అన్నాను. "పగలద్దు, జారద్దు." ఆ రోజంతా గుడ్డే. తువ్వాల మాట ఎత్తలేదు.

తర్వాత చెప్పడం తగ్గించాను. ప్రతిసారీ కాదు, చాలాసార్లు నడిపాక ఒకసారి. ఆమెకు కోపం వచ్చింది. "ఏం చెప్తలేవేందక్కా? మంచిగ పోతున్ననా లేదా?"

"నువ్వే చెప్పు. రేపు రోడ్డు మీద నేనుంటనా?"

గొణుక్కుంటూ పోయింది. నేర్చుకుంది. గ్రౌండ్ దాటి నా బండి వెనకే కాలనీ రోడ్లు తిరిగింది. లైసెన్స్ పరీక్ష పాసయింది.

ఒకటో తారీకు తెల్లవారుజామున నేను వాళ్ల క్వార్టర్ ముందున్నాను. శ్రీహరి బండి స్టార్ట్ చేసి పెట్టుకుని ఉన్నాడు. "ఇయ్యాల్నన్న నా బండి ఎక్కు వదినా. మంచు పడ్డది. పడితే ఎవరు జిమ్మేదార్?"

బాలలక్ష్మి హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకుంది.

అప్పుడు నాకు ఏమైందో. గని రోడ్డు మలుపు కళ్ల ముందు కనిపించింది. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి, మీద మంచు తడి. నోరు ఆగలేదు.

"బాలలక్ష్మీ, మలుపుల బొగ్గుపొడి ఉంటది, ముందే స్పీడ్ తగ్గియ్యి, ముందు బ్రేక్ ఒక్కటే పట్టకు, లారీ వెనకాల దగ్గరగ పోకు, చెయ్యి వదులుగ, చూపు..."

బండి అప్పటికే కదలబోతోంది. ఆపింది. హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను చూసింది. ఆ చూపులో భయం లేదు, మొహమాటమూ లేదు.

"అక్కా. దిగినంక చెప్పు."

పోయింది. వీధి చివరి మలుపుకు ముందే నెమ్మదించింది, నిటారుగా తిరిగింది, కనబడకుండా పోయింది. శ్రీహరి ఇంజన్ ఆపేశాడు. సిగ్గుతో నా చెవులు కాలాయి, ఛాతీ మాత్రం గర్వంతో పొంగింది. ఆ రెండూ ఒకేసారి వస్తాయని నాకు అంతవరకు తెలియదు.

మధ్యాహ్నం షిఫ్ట్ దిగి వచ్చింది. ముఖం నిండా బొగ్గు దుమ్ము. స్టాండ్ వేసింది, హెల్మెట్ తీసింది, నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"దిగిన. ఇప్పుడు చెప్పు అక్కా, ఏమున్నదో."

నేను నవ్వి పక్కకు జరిగాను. మెట్టు మీద నుంచి సాంబయ్య కర్ర ఊతంతో లేచి వచ్చాడు. పొద్దుటి నుంచి పట్టుకున్న మాటలు ఎన్ని ఉన్నాయో, అన్నీ మింగాడు.

"నీకెట్లనిపించింది?" అని అడిగాడు.